వర్డ్‌లో F4తో చేసిన పనినే మళ్ళీ చేయించడం, అన్‌డూ జాబితాతో పది మెట్లు వెనక్కి వెళ్ళడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో మేము నడిపే జాబ్ వర్క్ షాపుకు వచ్చే కాగితాలలో ఎక్కువ భాగం పొడవైనవే. కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, దస్తావేజుల ముసాయిదాలు, అపార్ట్‌మెంట్ సంఘాల నియమావళులు ఏవి చూసినా, పది పదిహేను పేజీలలో ఒకే రకమైన మార్పును ఇరవై ముప్పై చోట్ల చేయవలసి ఉంటుంది. అంతా చేశాక, అరగంట క్రితం తీసేసిన పేరా ఒకటి మళ్ళీ కావాలని ఖాతాదారు ఫోన్ చేయడం కూడా మామూలే. ఈ రెండు అవసరాలకూ మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో సిద్ధంగా ఉన్న సాధనాలు రెండు. ఒకటి F4 మీట, రెండవది అన్‌డూ గుర్తు పక్కన ఉండే చిన్న బాణం వెనుక దాగి ఉన్న జాబితా. విండోస్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న వర్డ్‌ను దృష్టిలో పెట్టుకుని, లక్ష్మీపురంలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం కోసం టైపు చేసిన నియమావళిని ఉదాహరణగా తీసుకుని, ఈ రెండింటినీ ఎలా వాడాలో చెబుతాను. ఆ ఫైలులో 14 పేజీలు, 22 ఉపశీర్షికలు, చివర ఫ్లాట్ల వివరాలతో ఒక పట్టిక ఉన్నాయి.

వర్డ్ దృష్టిలో "ఒక పని" అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే F4 మళ్ళీ చేసేది ఆ ఒక్క పనినే, అన్‌డూ జాబితాలో ఒక్కొక్క వరుసగా కనిపించేదీ అదే. మీరు అక్షరాలను బొద్దుగా చేస్తే అది ఒక పని. వాటికే రంగు వేస్తే అది రెండవ పని. పరిమాణం పెంచితే మూడవది. మీ మనసులో ఈ మూడూ కలిసి "శీర్షికను తీర్చడం" అనే ఒకే పని కావచ్చు గాని, రిబ్బన్ మీది బొత్తాలను ఒకదాని తరువాత ఒకటి నొక్కినప్పుడు వర్డ్ మాత్రం వాటిని మూడుగానే లెక్క వేస్తుంది. కర్సరును ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకుపోవడం, పాఠాన్ని ఎంచుకోవడం, కాపీ చేయడం, పేజీని పైకీ కిందికీ జరపడం, ఫైలును సేవ్ చేయడం ఈ లెక్కలోకి రావు. వీటిలో కాపీ లెక్కలోకి రాదన్న సంగతిని గుర్తు పెట్టుకోండి, తరువాత దానితో చాలా పని ఉంది.

ఇప్పుడు శీర్షికల పనికి వద్దాం. "సభ్యత్వ రుసుము", "నెలవారీ నిర్వహణ ఖర్చు", "వాహనాలు నిలుపు స్థలం" వంటి 22 ఉపశీర్షికలనూ బొద్దుగా, 14 పరిమాణంలో, ముదురు నీలి రంగులో పెట్టాలి. చాలామంది మొదటి శీర్షికను ఎంచుకుని రిబ్బన్ మీద బొద్దు, పరిమాణం, రంగు వరుసగా నొక్కి, రెండవ శీర్షికను ఎంచుకుని F4 నొక్కుతారు. అప్పుడు రంగు మాత్రమే వస్తుంది, బొద్దూ పరిమాణమూ రావు. F4 పనిచేయడం లేదని విసుగు చెంది అంతటితో వదిలేస్తారు. నిజానికి అది సరిగానే పనిచేసింది, చివరి పని రంగు వేయడమే కాబట్టి దానినే మళ్ళీ చేసింది.

మూడు మార్పులూ ఒకే పనిగా లెక్కకు రావాలంటే వాటిని Font అనే పెట్టె ద్వారా చేయాలి. ఆ పెట్టెలో మీరు ఎన్ని మార్పులు చేసినా, OK నొక్కిన క్షణంలో అవన్నీ కలిసి ఒక్క పనిగా నమోదవుతాయి. క్రమం ఇది.

1. మొదటి ఉపశీర్షికను పూర్తిగా ఎంచుకోండి. శీర్షిక మీద మౌస్‌తో మూడుసార్లు వెంటవెంటనే క్లిక్ చేసినా, ఎడమ అంచు ఖాళీలో ఒకసారి క్లిక్ చేసినా చాలు.

2. Ctrl+D నొక్కండి. Font పెట్టె తెరుచుకుంటుంది.

3. అందులో Complex scripts అనే భాగాన్ని వెతకండి. తెలుగు అక్షరాలకు సంబంధించిన ఫాంటు, బొద్దు, పరిమాణం అక్కడ పెట్టాలి. పై భాగంలో ఉన్న Latin text గడులు ఇంగ్లీషు అక్షరాలకు వర్తిస్తాయి. శీర్షికలో రెండు లిపులూ ఉంటే రెండు భాగాలలోనూ ఒకే విధంగా నింపండి. రంగు గడి మాత్రం రెండింటికీ ఉమ్మడి.

4. OK నొక్కండి. శీర్షిక కోరిన రూపంలోకి వచ్చిందో లేదో ఈ దశలోనే నిదానంగా చూడండి. ఇక్కడ జరిగిన పొరపాటు మిగతా 21 చోట్లకూ పాకుతుంది.

5. రెండవ ఉపశీర్షికను ఎంచుకుని F4 నొక్కండి. మూడవదాన్ని ఎంచుకుని మళ్ళీ F4. ఇలా చివరి దాకా వెళ్ళండి.

మూడవ అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. తెలుగు ఫైలులో పరిమాణాన్ని Latin text గడిలో మాత్రమే మార్చి OK నొక్కితే తెలుగు శీర్షికలో ఏ మార్పూ కనిపించదు, ఆ తరువాత ఎన్ని F4లు నొక్కినా అదే వరస. మా షాపులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు F4 గురించి చెప్పే ఫిర్యాదులలో సగం నిజానికి ఈ గడి గురించే.

ఎంచుకోవడంలోనూ ఒక మెలకువ ఉంది. శీర్షికను ఎంచుకోకుండా కర్సరును ఒక మాట మధ్యలో ఉంచి F4 నొక్కితే వర్డ్ ఆ ఒక్క మాటనే మారుస్తుంది. "నెలవారీ నిర్వహణ ఖర్చు"లో "నిర్వహణ" మాత్రమే నీలంగా, పెద్దగా మారి, అటూ ఇటూ ఉన్న మాటలు మామూలుగా ఉండిపోతే, మీరు శీర్షికను ఎంచుకోవడం మరచిపోయారన్న మాట. అందుకు వెనక్కి వెళ్ళవలసిన పని లేదు, అదే శీర్షికను పూర్తిగా ఎంచుకుని ఇంకొకసారి F4 నొక్కితే సరిపోతుంది.

శీర్షికకు పైన 12 పాయింట్లు, కింద 6 పాయింట్లు ఖాళీ కూడా కావాలనుకుందాం. ఆ మార్పు Font పెట్టెలో లేదు. హోమ్ ట్యాబ్‌లో Paragraph విభాగం కుడి మూలన ఉండే చిన్న బాణం నొక్కితే తెరుచుకునే పెట్టెలో ఉంది. రెండు పెట్టెలు అంటే రెండు పనులు, కాబట్టి ఒక్క F4తో రెండూ రావు. అందుచేత ముందు 22 శీర్షికలకూ అక్షరాల మార్పు ముగించి, మళ్ళీ మొదటికి వచ్చి ఖాళీల మార్పును పెట్టెలో చేసి, ఇంకొక చుట్టు F4 నొక్కుతూ రావాలి. మొత్తం 42 నొక్కులు. రెండవ చుట్టులో ఎంచుకునే పని కూడా ఉండదు, ఎందుకంటే పేరాకు సంబంధించిన మార్పుకు కర్సరు ఆ పేరాలో ఎక్కడ ఉన్నా చాలు.

శీర్షికల సంఖ్య పది పన్నెండు దాటినప్పుడు, అందులోనూ ఖాతాదారు మనసు మార్చుకునే రకమైనప్పుడు, Styles విభాగంలో ఒక శైలిని తయారు చేసి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. శైలిని వర్తింపజేయడం కూడా ఒక పనే కాబట్టి మొదటి శీర్షికకు శైలి ఇచ్చి, మిగతావాటికి F4తోనే అందించవచ్చు. అప్పుడు అక్షరాల రూపమూ, ఖాళీలూ ఒకే చుట్టులో వచ్చేస్తాయి. రేపు నీలం వద్దు, నలుపు చాలు అన్నా శైలిని ఒక్క చోట మారిస్తే సరిపోతుంది. రెండు మూడు పేజీల కాగితానికి మాత్రం అంత ఏర్పాటు అక్కర్లేదు.

F4 చుట్టు మధ్యలో ఏమీ టైపు చేయకూడదు. తొమ్మిదవ శీర్షిక దగ్గర ఒక అచ్చుతప్పు కనిపించి ఒక్క అక్షరం సరిదిద్దారనుకోండి, ఆ క్షణం నుంచి చివరి పని టైపు చేయడమే అవుతుంది. పదవ శీర్షికను ఎంచుకుని F4 నొక్కితే రంగు రావడానికి బదులు, మీరు టైపు చేసిన అక్షరం వచ్చి శీర్షిక స్థానంలో కూర్చుంటుంది, శీర్షిక మాయమవుతుంది. కంగారు పడవద్దు, Ctrl+Z ఒకసారి నొక్కితే శీర్షిక తిరిగి వస్తుంది. అయితే ఆ తరువాత F4తోనే కొనసాగించలేరు. Ctrl+D పెట్టెను మళ్ళీ తెరిచి ఆ శీర్షికకు మార్పులు చేతితో ఇచ్చి, అక్కడి నుంచి కొత్త చుట్టు మొదలుపెట్టాలి. అచ్చుతప్పులు కనబడితే పక్కన కాగితం మీద పేజీ అంకె రాసుకుని, చుట్టు పూర్తయ్యాక దిద్దుకోవడం ఉత్తమం.

ఇంతకంటే తెలివిగా మోసం చేసే పొరపాటు మరొకటి ఉంది. మీరు ఒక శీర్షిక అనుకుని పొరపాటున మామూలు వాక్యాన్ని ఎంచుకుని F4 నొక్కారు. తప్పు గ్రహించి Ctrl+Z నొక్కారు. వాక్యం మామూలు రూపానికి వచ్చింది. ఇప్పుడు సరైన శీర్షికను ఎంచుకుని F4 నొక్కారు. శీర్షిక మారదు, ఇందాకటి వాక్యమే మళ్ళీ నీలంగా మారుతుంది. కారణం ఏమిటంటే, వర్డ్‌లో F4కు రెండు విధులు ఉన్నాయి. వెనక్కి తీసుకున్న పని ఏదీ లేనప్పుడు అది చివరి పనిని కొత్త చోట మళ్ళీ చేస్తుంది. వెనక్కి తీసుకున్న పని ఉన్నప్పుడు మాత్రం ఆ పనిని దాని పాత చోటనే తిరిగి నిలబెడుతుంది. Ctrl+Y కూడా అచ్చంగా ఇలాగే నడుస్తుంది.

దీనికి నేను పాటించే పద్ధతి ఏమిటంటే, చుట్టు మధ్యలో తప్పు వాక్యానికి రంగు పడితే Ctrl+Z జోలికి పోను. దాన్ని అలాగే వదిలి మిగతా శీర్షికలన్నీ పూర్తి చేస్తాను. చివరన ఆ వాక్యాన్ని ఎంచుకుని Ctrl+Space నొక్కుతాను. పైపైన వేసిన అక్షర మార్పులను తీసేసి, ఆ పేరా శైలిలో ఉన్న అసలు రూపానికి తెచ్చే మీట అది. ఆ పేరా ఫాంటును కూడా మీరు చేతితోనే మార్చి ఉంటే అదీ పోతుంది కనుక, అప్పుడు ఫాంటును మళ్ళీ ఇవ్వవలసి ఉంటుంది.

మీటల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. చాలా ల్యాప్‌టాప్‌లలో F4 మీద ధ్వనికో, తెర వెలుతురుకో సంబంధించిన బొమ్మ ఉంటుంది, ఒట్టి F4 నొక్కితే ఆ పనే జరుగుతుంది. అటువంటప్పుడు Fn మీటను పట్టుకుని F4 నొక్కాలి, లేదా Ctrl+Y వాడుకోవాలి. ఇక Alt మీద వేలు ఉండగా F4 నొక్కితే కిటికీయే మూసుకుపోతుంది. సేవ్ చేయని మార్పులు ఉంటే వర్డ్ అడుగుతుంది, అక్కడ Cancel నొక్కి బయటపడండి.

పట్టికలోనూ F4 బాగా అక్కరకు వస్తుంది. మా ఉదాహరణలో ఇంకా అమ్ముడుపోని ఆరు ఫ్లాట్ల వరుసలను తీసేయమన్నారు. మొదటి వరుసలో కర్సరు పెట్టి, పట్టిక Layout ట్యాబ్‌లో Delete Rows ఇచ్చి, తరువాతి వరుసలో కర్సరు పెట్టి F4 నొక్కుతూ పోతే ఐదు నొక్కులతో పని ముగిసింది. ఇది అడగకుండా తీసేస్తుంది కాబట్టి, కర్సరు ఏ వరుసలో ఉందో చూసి నొక్కండి.

ఇప్పుడు వెనక్కి వెళ్ళే దారి చూద్దాం. Ctrl+Z ఒకసారి నొక్కితే ఒక పని వెనక్కి పోతుందని అందరికీ తెలుసు. అన్‌డూ గుర్తు వర్డ్ కిటికీ పై అంచున ఎడమ వైపునో, కొత్త వర్షన్లలో హోమ్ ట్యాబ్ ఎడమ కొసనో ఉంటుంది. ఎడమకు వంగిన బాణం అది. దాని పక్కనో కిందనో ఉన్న చిన్న త్రికోణాన్ని నొక్కితే ఒక జాబితా కిందికి దిగుతుంది. ఇప్పటికి మీరు చేసిన పనులన్నీ అందులో వరుసగా ఉంటాయి, అన్నిటికంటే కొత్తది పైన, పాతది కింద. Typing, Bold, Paste, Cut, Replace All వంటి పేర్లు కనిపిస్తాయి. టైపు చేసిన వరుసలో మీరు టైపు చేసిన పాఠం కొంత కూడా కనిపిస్తుంది, ఆనవాలు పట్టడానికి అదే పెద్ద ఆధారం. తెలుగు టైపు చేసే ఉపకరణాన్ని బట్టి ఒకే వాక్యం అనేక Typing వరుసలుగా ముక్కలై కనిపించవచ్చు, అందుకు ఆశ్చర్యపోవద్దు.

మౌస్‌ను ఆ జాబితా మీద కిందికి జరుపుతూ పోతే, పై నుంచి మౌస్ ఉన్న వరుస దాకా అన్నీ రంగు మారుతాయి, జాబితా అడుగున ఎన్ని పనులు వెనక్కి పోతాయో అంకె కనిపిస్తుంది. క్లిక్ చేస్తే అవన్నీ ఒక్కసారిగా వెనక్కి పోతాయి. మధ్యలో ఉన్న ఒక్క వరుసను మాత్రమే ఎంచి వెనక్కి తీసుకోవడం ఇక్కడ కుదరదు. ఈ జాబితాను విస్తరాకుల కట్టలా ఊహించుకోండి. అడుగున ఉన్న ఆకు కావాలంటే పైన ఉన్నవన్నీ ముందు ఎత్తక తప్పదు. ప్రతి పనీ దానికి ముందు పని మిగిల్చిన పాఠం మీదనే జరిగింది కనుక, కింది దాన్ని ఒక్కదాన్నే లాగితే పైవాటికి ఆధారం ఉండదు.

ఈ పరిమితిని తెలుసుకున్నాక జాబితాతో చేయగల అసలైన పని బయటపడుతుంది. మా నియమావళిలో జరిగిన సంగతినే చెబుతాను. సందర్శకుల వాహనాల గురించిన పేరాను తీసేయమని సంఘం కార్యదర్శి చెప్పగా Ctrl+X తో తీసేశాను. ఆ తరువాత ఇంకో 19 పనులు జరిగాయి. రెండు కొత్త నిబంధనలు టైపు చేశాను, పట్టికలో వరుసలు తీసేశాను, కొన్ని అంకెలు దిద్దాను. అంతలో ఫోన్ వచ్చింది.

"ఏమండీ, ఆ వాహనాల పేరా ఉండాలంటున్నారు మావాళ్ళు. మళ్ళీ పెట్టగలరా?"

"పెడతానండి, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి" అన్నాను.

ఇక్కడ 20 పనులు వెనక్కి తీసుకుని ఊరుకుంటే పేరా వస్తుంది గాని, తరువాత చేసిన 19 పనులూ పోతాయి. అందుచేత వెనక్కి వెళ్ళి, పేరాను చేతిలోకి తీసుకుని, తిరిగి ముందుకు రావాలి. ఆ క్రమం ఇలా ఉంటుంది.

1. ఫైలును ముందు సేవ్ చేయండి. సేవ్ చేసినంత మాత్రాన అన్‌డూ జాబితా పోదు. మధ్యలో ఏదైనా తేడా వచ్చినా, ఇప్పటి రూపం డిస్కు మీద భద్రంగా ఉంటుంది. ఆటోసేవ్ వేసి ఉంటే దాన్ని ఈ పని అయ్యేదాకా ఆపి ఉంచండి, లేకపోతే వెనక్కి వెళ్ళిన రూపమే సేవ్ అయిపోవచ్చు.

2. అన్‌డూ జాబితా తెరిచి, Cut అన్న వరుస దాకా మౌస్‌ను దింపండి. అడుగున కనిపించే అంకెను కాగితం మీద రాసుకోండి. మా ఉదాహరణలో అది 20. ఇప్పుడు క్లిక్ చేయండి.

3. పేరా తిరిగి కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని Ctrl+C నొక్కండి. ఈ దశలో ఒక్క అక్షరం కూడా టైపు చేయవద్దు, చివరకు స్పేస్ మీట కూడా తగలనివ్వవద్దు. కాపీ లెక్కలోకి రాని పని కాబట్టి ముందుకు వచ్చే దారి తెరిచే ఉంటుంది. ఒక్క కొత్త మార్పు జరిగినా ఆ దారి మూసుకుపోతుంది, 19 పనులూ ఇక ఈ కిటికీలో తిరిగి రావు.

4. Ctrl+N తో ఖాళీ ఫైలు తెరిచి Ctrl+V తో పేరాను అక్కడ పెట్టండి. ప్రతి ఫైలుకూ దాని సొంత అన్‌డూ జాబితా ఉంటుంది కనుక, ఇక్కడ ఏమి చేసినా అసలు ఫైలు జాబితాకు ఏమీ కాదు.

5. అసలు ఫైలుకు తిరిగి వచ్చి, రాసుకున్న అంకె ప్రకారం Ctrl+Y ని 20 సార్లు, లెక్కపెట్టుకుంటూ నొక్కండి. ఇరవయ్యవ నొక్కుతో చివరగా చేసిన దిద్దుబాటు కూడా తిరిగి రావాలి. తీసేసిన పేరా మళ్ళీ మాయమై ఉంటుంది, అది సరైన సూచనే.

6. పేరా ఉండవలసిన చోట కర్సరు పెట్టి, ఖాళీ ఫైలు నుంచి దాన్ని తెచ్చి అతికించండి.

రెండవ అంశంలో ఏ వరుస దగ్గర ఆగాలో నిశ్చయంగా తెలియకపోతే, అనుమానం ఉన్న వరుసకు రెండు మూడు వరుసల పైనే ఆగి క్లిక్ చేయండి. అక్కడి నుంచి Ctrl+Z ఒక్కొక్కటిగా నొక్కుతూ, తెర మీద పేరా వచ్చేదాకా చూడండి, ప్రతి నొక్కునూ లెక్కలో కలుపుకోండి.

ఐదవ అంశంలో లెక్కపెట్టమనడానికి గట్టి కారణం ఉంది. పైన F4 గురించి చెప్పిన రెండు విధుల సంగతి గుర్తు తెచ్చుకోండి. ముందుకు రావలసిన పనులు అయిపోయిన తరువాత కూడా Ctrl+Y గాని F4 గాని నొక్కితే, వర్డ్ ఆగిపోదు, చివరి పనిని మళ్ళీ చేస్తుంది. చివరి పని టైపు చేయడమైతే అదే పాఠం రెండవసారి వచ్చి పడుతుంది. చివరి పని పట్టికలో వరుసను తీసేయడమైతే ఇంకొక వరుస పోతుంది, అది ఏ వరుసో మీరు గమనించకపోవచ్చు కూడా. మీటను నొక్కి పట్టుకుని "ముందుకు వచ్చేయనీ" అనుకోవడం అందుకే ప్రమాదం. లెక్క తప్పిందనిపిస్తే ఆగి, అన్‌డూ పక్కనే ఉన్న గుర్తును చూడండి. ముందుకు తేవలసిన పనులు ఇంకా ఉన్నప్పుడు అది కుడికి వంగిన బాణంలా ఉంటుంది, దాని మీద మౌస్ ఉంచితే Redo అని చూపిస్తుంది. అన్నీ అయిపోయాక ఆ గుర్తు మారి, Repeat అని చూపిస్తుంది. గుర్తు మారిందంటే అక్కడితో నొక్కడం ఆపాలి. ఒకటి ఎక్కువ నొక్కి ఉంటే Ctrl+Z ఒకసారి నొక్కితే సరి.

ఇదే పద్ధతిని కొంచెం మార్చి, మధ్యలో ఉన్న ఒక తప్పును తీసేయడానికి కూడా వాడుకోవచ్చు. అదే నియమావళిలో "సంఘం" అన్న మాటను "కమిటీ"గా మార్చమన్నారు, నేను Replace All తో మార్చేశాను. అది ఎన్ని చోట్ల మార్చినా జాబితాలో ఒకే వరుస. ఆ తరువాత ఐదు పనులు చేశాక చూస్తే, "సహకార సంఘం" అని ఉండవలసిన చోట "సహకార కమిటీ" అని పడి ఉంది. రెండు మూడు చోట్లే అయితే చేతితో దిద్దడమే సులువు. కమిటీ అన్న మాట ముందే కొన్ని చోట్ల ఉండడం వల్ల, తిరగేసి మార్చే దారి లేదు, అది సరైన కమిటీలను కూడా సంఘాలు చేసేస్తుంది. అటువంటప్పుడు తరువాత చేసిన ఐదు పనులలో దాచుకోదగినవి ఏవో చూడాలి. కొత్తగా టైపు చేసిన పేరాలు ఉంటే వాటిని ముందే ఖాళీ ఫైలులోకి కాపీ చేసి ఉంచుకుని, జాబితాలో Replace All వరుస దాకా ఆరు పనులనూ వెనక్కి తీసుకుని, ఈసారి Replace బొత్తంతో ఒక్కొక్క చోటా చూసి మార్చి, దాచుకున్న పేరాలను తిరిగి అతికించాలి. ఇక్కడ ముందుకు వచ్చే ఆలోచన లేదు కనుక Ctrl+Y తో పని లేదు.

F4తో నడిపిన చుట్టు మొత్తాన్ని రద్దు చేయవలసి వచ్చినప్పుడు జాబితా మరీ సుఖంగా ఉంటుంది. ప్రతి F4 నొక్కూ జాబితాలో ఒక్కొక్క వరుసగా, ఒకే పేరుతో, ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటుంది. శీర్షికల రంగు కార్యదర్శికి నచ్చలేదనుకోండి, ఆ ఒకే పేరున్న 22 వరుసల గుంపును జాబితాలో గుర్తుపట్టి, చివరి దాని మీద క్లిక్ చేస్తే శీర్షికలన్నీ మొదటి రూపానికి వస్తాయి. ఆ గుంపు జాబితాకు పైభాగాన ఉన్నంత వరకే ఇది చవక, దాని పైన వేరే పనులు పేరుకుంటే పైన చెప్పిన కాపీ పద్ధతికే వెళ్ళాలి. అందుకే రూపం మార్చిన వెంటనే ఒక పేజీని ఖాతాదారుకు చూపించి, సరేనన్నాకే తరువాతి పని ముట్టుకుంటాను.

ఈ జాబితా ఫైలు తెరిచి ఉన్నంత సేపే ఉంటుంది. ఫైలును మూసి తెరిస్తే ఖాళీ జాబితా ఎదురవుతుంది, నిన్నటి Cut అందులో ఉండదు. అందుచేత ఖాతాదారు తుది మాట చెప్పే దాకా ఫైలును మూయకండి. రాత్రికి మూయక తప్పదంటే, తీసేసిన పేరాలన్నిటినీ ఒక వేరే ఫైలులో అతికించి, తేదీతో పేరు పెట్టి, అసలు ఫైలు ఉన్న ఫోల్డరులోనే ఉంచండి.